ఏ సంవత్సరమో తెలియని తాతగారి రీలుకి తేదీ గడిలో ఏం రాయాలి?

ప్రశ్న: తాతగారి సూపర్ 8 రీళ్ళు మూడు, నానమ్మ పాడిన పాటల క్యాసెట్ ఒకటి డిజిటల్ చేయించాం. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెడదామనుకుంటున్నాం. ఏ సంవత్సరాలవో సరిగ్గా తెలియదు. క్యాసెట్‌లో తెలుగు, ఉర్దూ కలిసిపోయి ఉన్నాయి. రీళ్ళలో సగం మంది ఎవరో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోతున్నారు. తేదీ, భాష, పేర్లు అడిగే చోట ఏం రాయాలి? అంచనాగా రాసేస్తే తప్పా?

సమాధానం:

అంచనా రాయడం తప్పు కాదండీ. అది అంచనా అని కనపడకుండా రాయడమే తప్పు. `date` గడిలో రుజువున్న సంవత్సరమే వేయండి, లేకపోతే ఖాళీగా వదిలేయండి. మీ అంచనా, అది దేన్ని బట్టి వేశారో, ఎవరు చెప్పారో `description`లో మామూలు వాక్యాల్లో రాయండి. మూగ రీలుకి భాష `zxx`, అంటే మాటే లేదని. క్యాసెట్‌కి `tel`, `urd` రెండూ ఇవ్వండి. పోల్చుకోలేని మనిషిని ఏ నిమిషంలో, ఎక్కడ, ఎలా ఉన్నారో చెప్పి "గుర్తు తెలియలేదు" అని రాయండి.

ఇంత పట్టుదల ఎందుకంటే ఒకసారి నాకే దెబ్బ తగిలింది. చాలా ఏళ్ళ కిందట ఒకరింటి టేపులో ఒకావిడ పాట విని, ఫలానా రేడియో గాయని గొంతులా ఉందనుకుని ఆ పేరు రాసి పెట్టాను. పక్కన ప్రశ్నార్థకం కూడా పెట్టలేదు. మూడేళ్ళ తర్వాత వేరే ఒకాయన అదే పాట గురించి రాస్తూ ఆవిడ పేరు ఖాయంగా వేశాడు. ఆధారం ఏమిటని అడిగితే నా పేజీ లింకే పంపాడు. నా ఊహ ఊరంతా తిరిగి నాకే సాక్ష్యంగా వచ్చింది. నా పేజీ దిద్దుకున్నాను గానీ, కాపీ చేసుకున్నవాళ్ళ పేజీల్లో ఆ పేరు ఇప్పటికీ ఉంది.

మీ రీళ్ళు నేను చూడలేదు కాబట్టి నా చేతి మీదుగా వెళ్ళిన ఒక రీలు సంగతి చెప్తాను. మీకొచ్చిన చిక్కులు దాదాపు అన్నీ అందులో ఉన్నాయి.

అది ఒక హైదరాబాద్ కుటుంబానిది. డబ్బా మీద ఇంకుతో "అన్నయ్య పెళ్లి 74" అని ఉంది. ఇంట్లోవాళ్ళు 1974 అని వేసేద్దామన్నారు. డబ్బా విప్పితే లోపలిది 200 అడుగుల రీలు. సూపర్ 8 కెమెరాలో వేసే కార్ట్రిడ్జ్ 50 అడుగులే ఉంటుంది. అంటే నాలుగు రోల్స్ తీసి, కడిగించి, తర్వాత ఎప్పుడో తీరిగ్గా అతికించారన్నమాట. ఫిల్మ్ వేళ్ళ మధ్య నుంచి పోనిస్తుంటే అతుకులు మూడు తగిలాయి. ఒక డబ్బాకి ఒకే తేదీ అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. డబ్బా మీద రాసింది మొదటి రోల్‌కి సంబంధించిన మాట. మిగతా మూడింటి గురించి అది ఏమీ చెప్పదు.

మొదటి రోల్ పెళ్లిదే. అదృష్టం కొద్దీ శుభలేఖ దొరికింది. ఇంగ్లీషు తేదీ ఉన్న మూల చిరిగిపోయింది గానీ "ఆనంద నామ సంవత్సర మాఘ మాసం" అన్నంతవరకు బాగానే ఉంది. ఆనంద 1974 ఉగాదికి మొదలైంది, అది నిజమే. కానీ మాఘం తెలుగు సంవత్సరం చివర్లో వస్తుంది. ఆ మాఘం పడింది 1975 ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఎవరో పంచాంగం పేరు చూసి "ఆనంద అంటే డెబ్బై నాలుగు" అని లెక్క కట్టి డబ్బా మీద రాశారు. పుష్యం నడిమి నుంచి ఫాల్గుణం దాకా జరిగిన ఏ పెళ్లికైనా ఈ ఒక్క ఏడాది తేడా వచ్చే ప్రమాదం ఉంది. మీ దగ్గర శుభలేఖలు, జాతకాలు ఉంటే సంవత్సరం పేరుతో పాటు మాసం కూడా చూడండి. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి కానీ, సూపర్ 8 వచ్చిందే 1965లో కాబట్టి మీ రీళ్ళకి ఆ గందరగోళం లేదు.

తర్వాత ఫిల్మ్ అంచు చూశాను. కొడాక్ వాళ్ళు ఫిల్మ్ అంచున వృత్తం, చతురస్రం, త్రిభుజం, కూడిక లాంటి చిన్న గుర్తులు ముద్రించేవాళ్ళు. ఏ గుర్తు ఏ సంవత్సరానిదో పట్టికలు ఉన్నాయి. అప్పట్లో అవే గుర్తులు ఇరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చేవి. షాపువాళ్ళు ఇచ్చిన ఎంపీ4లో ఇవి కనపడవు, స్కాన్‌లో అంచు కత్తిరించేస్తారు. అసలు ఫిల్మ్‌నే కాగితం అడ్డుపెట్టిన లైటు ముందు పట్టుకుని భూతద్దంతో చూడాలి. ఒక్కో రోల్ మొదట్లో రెండు మూరలు చూస్తే చాలు, అంతకంటే ఎక్కువ లాగకండి. పెళ్లి రోల్ మీద గుర్తు 1973ది. పెళ్లి జరిగింది 1975లో. అంటే ఆ ఫిల్మ్ తయారయ్యాక ఏడాది పైనే ఎక్కడో ఉంది. ఆ రోజుల్లో విదేశాల నుంచి వచ్చే బంధువులు తెచ్చిపెట్టిన రోల్స్‌ని బీరువాలో దాచుకుని వాడేవాళ్ళు కదా. అందుకని అంచు గుర్తు "దీనికంటే ముందు తీసింది కాదు" అని మాత్రమే చెబుతుంది. తీసిన సంవత్సరం చెప్పదు. చాలామంది ఆ పట్టిక చూసి అదే `date`లో వేసేస్తారు.

అసలు పేచీ మూడో రోల్‌తో వచ్చింది. ట్యాంక్‌బండ్ మీద కుటుంబమంతా నడుస్తూ ఉంటారు. అంచు గుర్తు 1974ది. కొత్త దంపతులు ఇద్దరూ కలిసి ఉన్నారు కాబట్టి 1975 పెళ్లి తర్వాతే. ఇది దిగువ హద్దు. ఎగువ హద్దు ఎక్కడ? గట్టు మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు ఒక్కటీ లేవు. అవి పెట్టింది 1986లో. నీళ్ళ మధ్య బుద్ధుడు లేడు. ఆ విగ్రహం నిలబడింది 1992 డిసెంబరులో. అంటే 1986కి ముందు. ఇంట్లోవాళ్ళని అడిగితే ఇంకా దగ్గరి హద్దు దొరికింది. ఆ నడకలో పెద్దాయన కర్ర పట్టుకుని వస్తుంటాడు. ఆయన పోయింది 1981లో, కాగితం కూడా ఉంది. కాబట్టి 1975 నుంచి 1981 లోపు. ఇంతవరకు రుజువుంది.

దూరంగా నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిరం తెల్లగా కనిపిస్తోంది. గుడి తెరిచింది 1976లో. "అయితే 1976 తర్వాతదే!" అని ఆ ఇంటి కుర్రాడు ఎగిరి గంతేశాడు. ఇక్కడ నేను ఒప్పుకోలేదు. ఆ గుడి కట్టడం పదేళ్ళ పాటు సాగింది. తలుపులు తెరవక ముందే గోపురం గుట్ట మీద కనపడుతుంది కదా. ప్రారంభోత్సవం తేదీ వేరు, కట్టడం కంటికి కనపడటం మొదలైన తేదీ వేరు. ఊరి గుర్తులతో కాలం లెక్కగట్టేటప్పుడు ఈ తేడా మర్చిపోతే ఒకటి రెండేళ్ళు ఇట్టే జారిపోతాయి. అందుకే దాన్ని రుజువుల్లో కలపలేదు, "బహుశా 1976 లేదా ఆ తర్వాత" అని అంచనా వాక్యంలో పెట్టాను. విగ్రహాలు లేకపోవడాన్ని వాడుకోవాలన్నా, అవి ఉండాల్సిన చోటు ఫ్రేములో పూర్తిగా కనపడాలి. కెమెరా అటు తిరగకపోతే లేవని ఎలా అంటాం?

చివరికి ఆ రీలుకి రాసింది ఇది:

"నాలుగు రోల్స్ అతికించిన రీలు. మొదటి రోల్: పెళ్లి, 1975 ఫిబ్రవరి–మార్చి, శుభలేఖను బట్టి. డబ్బా మీద '74' అని ఉంది, తెలుగు సంవత్సరాన్ని మార్చి రాయడంలో పొరపాటు కావచ్చు. మూడో రోల్: ట్యాంక్‌బండ్, 1975–1981 మధ్య, పెళ్లైన జంటను, 1981లో మరణించిన కుటుంబ సభ్యుడిని బట్టి. బిర్లా మందిరం కనిపిస్తున్నందున బహుశా 1976 లేదా ఆ తర్వాత. రెండు, నాలుగు రోల్స్: ఆధారం దొరకలేదు."

డబ్బా మీది తప్పుని కూడా తీసేయలేదు చూడండి. రేపు ఎవరికైనా ఆ డబ్బా ఫోటో కనపడితే మనం తప్పు రాశామనుకుంటారు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, పక్కన మన మాట చెబితే సరిపోతుంది.

మొత్తం రీలుకి ఒకే సంవత్సరం లేదు కాబట్టి `date` ఖాళీగా వదిలాం. దీనివల్ల సంవత్సరం పెట్టి వెతికేవాళ్ళకి ఇది దొరకదు, ఆ నష్టం ఉంది. కొంత పూడ్చుకోవడానికి `subject`లో 1970s అని ఇచ్చాం. అదనంగా మనమే పేరు పెట్టుకునే ఒక గడిలో EDTF అనే విస్తృత తేదీ పద్ధతిలో కూడా రాశాం. ఆ పద్ధతి 2019 నుంచి ఐఎస్ఓ 8601 ప్రమాణంలో రెండో భాగంగా ఉంది. అందులో `1975/1981` అంటే 1975 నుంచి 1981 దాకా, `1976~` అంటే సుమారుగా, `1976?` అంటే అనుమానం, `197X` అంటే డెబ్బైల్లో ఏదో ఒక ఏడాది. ఈ నాలుగు గుర్తులు తెలిస్తే ఇంటి రీళ్ళకి చాలు.

ఫైలు ప్రాపర్టీస్‌లో కనిపించే తేదీని మాత్రం ఎక్కడా వాడకండి. అది షాపులో కన్వర్ట్ చేసిన రోజు. కావాలంటే "2023లో డిజిటల్ చేయించాం" అని వివరణలో వేరే వాక్యం రాయండి.

ఇక భాష. తెలుగువాళ్ళ ఇంటి రీలు కదా అని చాలామంది మూగ ఫిల్మ్‌కి కూడా `tel` పెడతారు. కొడాక్ సౌండ్ ఉన్న సూపర్ 8 తెచ్చింది 1973లో. దానికి అంచు వెంట గోధుమరంగు అయస్కాంత పట్టీ ఉంటుంది. అది లేకపోతే ఆ రీలు మాట్లాడదు. మాటే లేని చోట భాష `zxx`, అంటే భాషా విషయం లేదని. మాట ఉండి ఏ భాషో తేలకపోతే `und`. రెండూ ఒకటి కాదు.

"మా రీలులో పాట వినిపిస్తోంది కదా" అంటారేమో. షాపువాళ్ళు పెట్టి ఉంటారు! పెళ్లి వీడియోల అలవాటు కొద్దీ వెనక ఏదో సినిమా పాట తగిలించి ఇవ్వడం మామూలే. 1975 నాటి బొమ్మ వెనక ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి వచ్చిన పాట వినపడితే, చూసేవాడు రీలు కాలాన్నే తప్పుగా అనుకుంటాడు. పైగా ఆ పాట హక్కులు మీవి కావు, అప్‌లోడ్‌కి అడ్డం పడొచ్చు. ఆ ఆడియోని తీసేయడానికి ffmpeg అనే ఉచిత ప్రోగ్రాంలో ఒక్క లైను చాలు, బొమ్మ నాణ్యత ఏమీ తగ్గదు:

```
ffmpeg -i reel03.mp4 -c copy -an reel03_silent.mp4
```

అలాగే నిడివి చూసుకోండి. సూపర్ 8 అడుగుకి 72 ఫ్రేములు. ఇళ్ళలో ఎక్కువగా సెకనుకి 18 ఫ్రేముల వేగంతో తీసేవాళ్ళు. ఆ లెక్కన 200 అడుగుల రీలు 13 నిమిషాల 20 సెకన్లు రావాలి. మీ ఫైలు తొమ్మిదిన్నర నిమిషాలే ఉండి, మనుషులు చార్లీ చాప్లిన్‌లా పరిగెడుతుంటే, 25 ఫ్రేముల వేగంతో కన్వర్ట్ చేశారన్నమాట. మళ్ళీ చేయించుకోవడం మంచిది. కుదరకపోతే ఆ మాట వివరణలో రాయండి.

క్యాసెట్ దగ్గరికొస్తే, మీ నానమ్మగారి పాటలు తెలుగు, మధ్యలో మాటలు ఉర్దూ అయితే భాష గడిని రెండుసార్లు ఇవ్వండి, ఒకదానికి `tel`, ఇంకోదానికి `urd`. "చాలా భాషలు" అనే `mul` వాడితే తెలుగు పాట కోసం వెతికేవాడికీ దొరకదు, ఉర్దూ కోసం వెతికేవాడికీ దొరకదు. అది ఉర్దూయేనా, దక్కనీయా అనేది ఇంకో ప్రశ్న. "నక్కో", "హౌ", "కైకు" వినపడితే దక్కనీ అనొచ్చు. దానికి `dcc` అనే కోడ్ వేరే ఉంది, కానీ చాలా సైట్ల జాబితాల్లో కనపడదు. నేనైతే గడిలో `urd` పెట్టి, వివరణలో "హైదరాబాద్ దక్కనీ మాటలు, ఫలానా నిమిషం నుంచి" అని రాస్తాను. పాతబస్తీలో పుట్టిపెరిగిన ఒకరికి రెండు నిమిషాలు వినిపించి అడిగాకే రాయండి. హారతి పాటలో సంస్కృత పదాలు నిండుగా ఉన్నంత మాత్రాన అది సంస్కృతం అయిపోదు, అది `tel` కిందికే వస్తుంది. తెలంగాణ యాస కూడా అంతే. దానికి వేరే కోడ్ అక్కర్లేదు, వివరణలో ఒక మాట చాలు.

పాటల రచయిత గడిలో "సంప్రదాయం" అని రాసేయకండి. "ఎవరు రాశారో తెలియదు" అన్నది వేరు, "ఎవరూ రాయలేదు, తరతరాలుగా వస్తోంది" అన్నది వేరు. నానమ్మ పుస్తకంలోంచి నేర్చుకున్న పాటకి రచయిత ఉండొచ్చు, హక్కులు కూడా ఉండొచ్చు. "రచయిత తెలియదు, పాడినవారు నానమ్మ" అనండి. పాట పేరు తెలియకపోతే మొదటి పాదాన్నే పేరుగా పెట్టి, అది మొదటి పాదమని చెప్పండి.

పేర్ల సంగతి కొంచెం నిదానంగా చూడాలి. ముందు కెమెరా పట్టుకున్నవారెవరు? కెమెరా తాతగారిది కాబట్టి తీసింది తాతగారే అనుకుంటాం. నేను చెప్పిన రీలులో ట్యాంక్‌బండ్ మీద కర్ర పట్టుకుని నడిచొస్తున్న పెద్దాయనే కెమెరా సొంతదారు! తనని తాను ఎలా తీసుకుంటాడు? అందుకని `creator`లో ఆయన పేరు వేయలేదు. "కెమెరా ఫలానావారిది. మూడో రోల్‌లో ఆయనే కనిపిస్తున్నారు కాబట్టి కనీసం ఆ భాగం వేరొకరు తీశారు" అని రాశాం.

డబ్బా మీది వరసలు ఇంకో తిరకాసు. "అన్నయ్య పెళ్లి" అని రాసినవాళ్ళకి ఆయన అన్నయ్య, మీకు పెదనాన్న కావచ్చు. చేతిరాత ఎవరిదో తేలేవరకు ఆ వరసని అలాగే కొటేషన్‌లో ఉంచండి.

మనుషుల్ని పోల్చుకోవడానికి పెద్దవాళ్ళని అడిగేటప్పుడు పేరు మీరు అందించొద్దు. "ఈమె మీ చిన్నత్త కదూ?" అంటే "ఆఁ, ఆవిడే" అనేస్తారు, అది సాయం చేయాలన్న మంచితనమే. వీడియో ఆపి స్టిల్ తీసి, ప్రింటు వేసి, ఒక్కొక్కరికి విడివిడిగా చూపించి "ఎవరీవిడ?" అని మాత్రం అడగండి. నేను ఒక పెళ్లి స్టిల్‌ని ఇద్దరు అక్కాచెల్లెళ్ళకి వేర్వేరు రోజుల్లో చూపించాను. ఒకరు మేనత్త అన్నారు, ఇంకొకరు పక్కింటావిడ అన్నారు. ఇద్దరూ ఒట్టేసి చెప్పారు. ఎవరి మాట నిజం చేయను? "02:14, ఎడమ నుంచి రెండో స్త్రీ, జరీ అంచు చీర: గుర్తు తేలలేదు, కుటుంబంలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి" అని రాసి వదిలేశాను. ఇద్దరూ ఒకే పేరు చెబితే "కుటుంబంలో ఇద్దరు విడివిడిగా గుర్తుపట్టారు, 2023" అని రాస్తాను. ఒక్కరే చెబితే ఒక్కరే అని రాస్తాను.

బతికున్నవాళ్ళ పేర్లు, అప్పుడు పిల్లలైనవాళ్ళ పేర్లు అడగకుండా పెట్టకండి. "పెళ్లికూతురు చెల్లెలు" అంటే చాలు. పూర్తి పేర్లున్న జాబితా ఇంట్లో ఒక నోటుబుక్కులో ఉంచుకోండి.

చివరగా అప్‌లోడ్. ఐడెంటిఫయర్ ఒకసారి పెడితే మళ్ళీ మార్చలేం, పేజీ అడ్రసులో అదే ఉంటుంది. కాబట్టి అందులో సంవత్సరం గానీ మనుషుల పేర్లు గానీ ఇరికించకండి. `mediatype` కూడా మొదటిసారే సరిగ్గా పెట్టండి, మిగతా గడులు చాలావరకు తర్వాత దిద్దుకోవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ `ia` అనే కమాండు ప్రోగ్రాంతో రీలుకి నేనిచ్చేది ఇలా ఉంటుంది:

```
ia upload hyd-intireelu-03 reel03_silent.mp4 \
  --metadata="mediatype:movies" \
  --metadata="title:పెళ్లి, ట్యాంక్‌బండ్ (సూపర్ 8, 1975–1981 మధ్య)" \
  --metadata="language:zxx" \
  --metadata="subject:1970s" \
  --metadata="date_edtf:1975/1981"
```

క్యాసెట్‌కి `mediatype:audio` అని మార్చి, `language` లైను రెండుసార్లు ఇవ్వండి. ఫైలుతో పాటు డబ్బా ఫోటో, క్యాసెట్ అట్ట రెండు వైపులా ఫోటోలు కూడా అదే పేజీలో ఎక్కించండి. మనం చదవలేని రాత ఇంకొకరు చదవొచ్చు.

మీ మూడు రీళ్ళ డబ్బాల మీద ఏం రాసి ఉందో, ఒక్కోటి ఎన్ని అడుగుల రీలో చెప్పండి. అంచు గుర్తులు ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీసి పెడితే ఏ ఏడాదివో పట్టికతో పోల్చి చెప్తాను.